చెప్పని జబ్బుకి గడువు తీరదు

ఆస్పత్రి క్యాజువాలిటీలో అడుగుపెట్టగానే డ్యూటీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న మనందరికీ తెలిసిందే. "షుగరుందా అమ్మా? ఎన్నాళ్ళ నుంచి?" మంచం మీద ఉన్న మనిషి జవాబు చెప్పే స్థితిలో ఉండడు. చెప్పేది పక్కన నిలబడిన మనమే. ఏ మాత్ర ఏ పూట వేసుకుంటారో, మొన్న టెస్టులో ఎంత వచ్చిందో మనకే తెలుసు కాబట్టి గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం.

2024 మార్చిలో మా ఆడపడుచు కూడా అలాగే చెప్పింది. వాళ్ళది కంకిపాడు. అన్నయ్యగారికి కాలిలో మేకు దిగింది. షుగరు మనిషి కదా, నొప్పి తెలియలేదు. పది రోజులు పసుపు పెట్టి కట్టు కట్టుకుని తిరిగారు. విజయవాడ తీసుకొచ్చేసరికి పాదం నల్లబడింది. రెండు వేళ్ళు తీసేశారు. "తొమ్మిదేళ్ళ నుంచి షుగరండీ" అని ఈవిడ చెప్పిన మాట కేసు షీటులో మొదటి వరుసలో రాశారు. క్యాష్‌లెస్ కోసం కంపెనీకి పంపే ఫారంలోనూ డాక్టరు అదే నింపారు. ఆ ఫారంలో షుగరు, బీపీ, గుండెజబ్బు ఒక్కోదానికీ ఒక గడి ఉంటుంది. ఎప్పటి నుంచో కూడా రాయాలి.

వాళ్ళకి పాలసీ ఉంది. 2020 జనవరిలో తీసుకున్నారు. "షుగరుకి నాలుగేళ్ళు ఆగాలి, ఆ తర్వాత దేనికైనా వస్తుంది" అని ఏజెంటు చెప్పాడట. నాలుగేళ్ళు దాటి రెండు నెలలైంది కూడా. అందుకే ధైర్యంగా ఉన్నారు. మూడో రోజు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పాలసీ తీసుకున్నప్పుడు షుగరు ఉందని మీరు చెప్పలేదు, కాబట్టి క్లెయిము ఇవ్వం, పాలసీ కూడా రద్దు చేస్తున్నాం అని. బిల్లు 3 లక్షల 10 వేలు. గాజులు బ్యాంకులో పెట్టి కట్టారు.

డబ్బు పోయినందుకు కాదు, ఆ తర్వాత వాళ్ళింట్లో వినబడిన మాటకి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. "నువ్వు నోరు మూసుకుని ఉంటే డబ్బు వచ్చేది కదే" అన్నారు. ఆవిడ కూడా అదే నమ్మింది. "నా నోరే ముంచింది వదినా" అని మా వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

ఈ వ్యాసం ఆ మాటకి జవాబు. ఆమె నోరు ముంచలేదు. డాక్టరుకి షుగరు సంగతి దాస్తే మత్తుమందు ఎంత ఇవ్వాలో, సెలైన్ ఏది ఎక్కించాలో తెలియక ప్రాణం మీదికి వస్తుంది. ముంచింది నాలుగేళ్ళ కింద ఆమెకి చూపించకుండా నింపిన ఫారం.

ఆడపడుచు వెళ్ళాక ఆ పాలసీ కాగితాలు నేను ముందేసుకున్నాను. నేను చదివింది తెలుగు బీఏ. ఇన్సూరెన్సు ఇంగ్లీషు నాకు కొరుకుడు పడదు. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు మధ్యాహ్నాలు చదివాం. దాదాపు అన్ని హెల్త్ పాలసీల్లోనూ ముందునుంచీ ఉన్న జబ్బుల గురించిన షరతు ఒకే నంబరుతో ఉంటుంది. ఫోనులో పాలసీ పీడీఎఫ్ తెరిచి Excl01 అని వెతికితే దొరుకుతుంది. అందులో నాలుగు ముక్కలుంటాయి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకి, దాని నుంచి నేరుగా వచ్చే ఇబ్బందులకి ఇన్ని నెలలు ఖర్చు ఇవ్వం అన్నది మొదటిది. ఏజెంట్లు చెప్పేది ఈ ఒక్కటే. చివరి ముక్క ఎవరూ చెప్పరు. ఆ నెలలు పూర్తయ్యాక కూడా, దరఖాస్తు చేసిన రోజున మీరు చెప్పి, మేము ఒప్పుకున్న జబ్బుకే ఖర్చు ఇస్తాం అని దాని అర్థం.

అంటే వెయిటింగ్ పీరియడ్ అనే గడియారం మనం షుగరుందని రాసిన రోజునే తిరగడం మొదలుపెడుతుంది. రాయకపోతే నాలుగేళ్ళు కాదు, ఎన్నేళ్ళు ప్రీమియం కట్టినా అది మొదలవ్వదు. మా ఆడపడుచు వాళ్ళు నాలుగేళ్ళు ఎదురుచూశామనుకున్నారు. నిజానికి ఆ గడియారానికి ఎవరూ కీ ఇవ్వలేదు.

"అయిదేళ్ళు దాటితే కంపెనీ నోరెత్తలేదు" అని ఇంకో మాట తిరుగుతూ ఉంటుంది. అది సగం నిజం. 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం, విరామం లేకుండా 60 నెలలు పాలసీ నడిస్తే, ఫలానాది చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిము కాదనకూడదు. అంతకుముందు అది ఎనిమిదేళ్ళుండేది. కానీ మోసమని రుజువైతే మాత్రం ఈ రక్షణ ఉండదని అందులోనే ఉంది. రోజూ మాత్రలు వేసుకుంటూ "లేదు" అని రాసిన మనిషి, అది మోసం కాదని ఎవరి ముందు నిలబడి చెప్పుకుంటాడు? పైగా ఆ అయిదేళ్ళూ కాలికి దెబ్బ తగలకుండా కూర్చోవాలి.

ఇక మా ఇంటి సంగతి. మా వారికి ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపుంది. 2017 నుంచి షుగరు, దాంతోపాటు బీపీ. ఆడపడుచు వాళ్ళ గొడవ చూశాక 2024 జూన్‌లో మేమూ 10 లక్షలకి మా ముగ్గురికీ కలిపి పాలసీ తీసుకున్నాం. ఏజెంటు మావారి స్నేహితుడే. షాపులోనే ఫోనులో ఫారం నింపాడు. మావారి ఫోనుకి ఓటీపీ వస్తే ఈయన చెప్పేశారు. అరగంటలో పాలసీ వాట్సాప్‌లోకి వచ్చింది. "అన్నీ చెప్పాను, షుగరు కూడా చెప్పాను" అన్నారు ఇంటికొచ్చి.

అన్నం తిన్నాక ఆ పీడీఎఫ్ తెరిచాను. పాలసీ వెనక మనం నింపిన దరఖాస్తు నకలు కూడా ఉంటుంది. ఆ పేజీలో డయాబెటిస్ ఎదురుగా "నో" అని ఉంది. బీపీ ఎదురుగానూ అంతే. మావారు చెప్పిన మాట అబద్ధం కాదు. ఆయన ఏజెంటుకి చెప్పారు. ఏజెంటు ఫారంలో రాయలేదు. ఫోన్ చేస్తే, "రాస్తే టెస్టులంటారు, ప్రీమియం పెంచుతారు, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. మీ మంచికేనమ్మా" అన్నాడు. కంపెనీ దృష్టిలో మాత్రం ఆ "నో" అతనిది కాదు, మావారిది. ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే. ఎవరికో నోటితో చెప్పాం అన్నది రేపు కాగితం ముందు నిలబడదు.

ఆ రాత్రి ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. "వచ్చిన పాలసీని నువ్వే పోగొట్టేలా ఉన్నావు" అని ఆయన, "లేని పాలసీకి ముప్ఫై వేలు కట్టారు" అని నేను. చివరికి అమ్మాయి తీర్పు చెప్పింది. పాలసీ చేతికొచ్చాక 30 రోజులు ఫ్రీలుక్ అని గడువుంటుంది. నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. తప్పుంటే సరిచేయమని అడగడానికీ అదే మంచి సమయం. మర్నాడే కంపెనీకి ఈమెయిల్ పెట్టాం. షుగరు 2017 నుంచి, ఫలానా మాత్ర రోజుకి రెండుసార్లు, బీపీ 2019 నుంచి, ఫలానా మాత్ర, దరఖాస్తులో తప్పుగా పడింది, సరిచేయండి అని. డాక్టరు చీటీల ఫోటోలు జతచేశాం.

వారంలో టెస్టులకి పిలిచారు. రక్తం, మూత్రం, ఈసీజీ, కిడ్నీ పనిచేసే తీరు తెలిపే క్రియాటినిన్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ. మావారికి అది 7.4 వచ్చింది. కిడ్నీలు, గుండె బాగున్నాయి. తర్వాత కంపెనీ ఒక ఉత్తరం పంపింది. పాలసీ ఇస్తాం, కానీ ప్రీమియం ఏటా 6,000 పెరుగుతుంది, షుగరుకి, బీపీకి 36 నెలలు వెయిటింగ్, మీకు సమ్మతమైతే ఒప్పుకున్నట్టు తెలపండి అని. ఒప్పుకున్నాం. అప్పట్లో 18 శాతం జీఎస్టీ కలిపి ఆ పెంపు 7,080 అయింది. అంటే నెలకి 590 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇంటి హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి ఇప్పుడు అది నెలకి 500. అన్నయ్యగారి బిల్లుతో పోల్చి చూడండి.

ఆ ఉత్తరం చేతికొచ్చిన రోజున నేనేమీ పొంగిపోలేదు. 36 నెలలంటే 2027 జూన్ దాకా. ఈలోగా షుగరు వల్ల ఏదొచ్చినా మా జేబులోంచే. అందుకని ఆ మూడేళ్ళకి 2 లక్షలు వేరే ఎఫ్‌డీ వేసి, దాన్ని తాకకూడదని పెట్టుకున్నాం. వెయిటింగ్ పీరియడ్ ఉన్నంతకాలం ఆ జబ్బుకి మనమే ఇన్సూరెన్సు కంపెనీ.

అయితే వెయిటింగ్ అంటే మూడేళ్ళూ పాలసీ నిద్రపోతుందని కాదు. ఈ సంగతి నాకు 2025 సెప్టెంబరులో తెలిసొచ్చింది. మావారికి డెంగీ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. క్యాజువాలిటీలో అదే ప్రశ్న, నాది అదే జవాబు. "ఎనిమిదేళ్ళ నుంచి షుగరండీ." కేసు షీటులో రాశారు. కంపెనీ కూడా అడిగింది, షుగరు ఎప్పటి నుంచి అని. 2017 అని వాళ్ళ దగ్గరున్న దరఖాస్తులోనే ఉంది. ఇక అడగడానికి ఏముంది? బిల్లు 68,400 అయితే 62,500 ఇచ్చారు. గ్లవ్స్ లాంటి వాటికి, షుగరు అదుపు కోసం ఇచ్చిన ఇన్సులిన్‌కి అయిన ఖర్చు కోత పెట్టారు. డెంగీకి షుగరుతో సంబంధం లేదు కాబట్టి మిగతాది వచ్చింది. మొదటి 30 రోజులు దాటాక జ్వరాలు, అపెండిసైటిస్ లాంటివన్నీ ఇలాగే వస్తాయి. ప్రమాదాలకి ఆ 30 రోజులు కూడా ఆగక్కర్లేదు.

అదే డెంగీ మొదటి పాలసీ మీద, ఆ "నో" మీద వచ్చి ఉంటే? కేసు షీటులో ఎనిమిదేళ్ళ షుగరు, దరఖాస్తులో లేదు. డెంగీకి సంబంధం లేకపోయినా పాలసీ మీదే అనుమానం పడేది. దాచిన జబ్బు దాని క్లెయిమునే కాదు, దానితో ఏ సంబంధం లేని క్లెయిమునీ ఇరకాటంలో పెడుతుంది.

వెయిటింగ్ ఉండగా ఏది ఇవ్వరో కూడా తెలుసుకోవాలి. షరతులో "నేరుగా వచ్చే ఇబ్బందులు" అన్న మాట దగ్గరే గొడవలన్నీ. షుగరు పడిపోయి స్పృహ తప్పడం, మానని పాదం పుండు, కంటి రెటీనా దెబ్బతినడం, షుగరు వల్ల కిడ్నీ పాడవడం, ఇవి ఆ లెక్కలోకే వస్తాయి. గుండెపోటు దగ్గర మాత్రం వాదన పుడుతుంది. కంపెనీ షుగరు వల్లే అంటుంది, మనం కాదంటాం. అలాంటప్పుడు డాక్టరు రాసిన కారణమే ఆధారం. ఇక అత్తగార్లకి, అమ్మలకి ముఖ్యమైనది కంటిశుక్లం. ఎవరికైనా శుక్లానికి, మోకాలి మార్పిడికి, గర్భసంచి ఆపరేషనుకి మామూలుగా రెండేళ్ళు ఆగాలంటారు. కానీ ఆ ఆపరేషను ముందునుంచీ ఉన్న జబ్బు కిందికి కూడా వస్తే, రెండు గడువుల్లో ఏది ఎక్కువైతే అదే వర్తిస్తుంది. షుగరు వల్ల శుక్లం ముందే వచ్చిందని డాక్టరు రాస్తే రెండు కాదు, మూడేళ్ళు.

ఇంకో రెండు చోట్ల గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. రెన్యువల్ తేదీ దాటి, పైన ఇచ్చే గ్రేస్ గడువు కూడా దాటిపోతే అప్పటిదాకా ఆగిన నెలలు గాలికి పోతాయి. 5 లక్షల పాలసీని మధ్యలో 10 లక్షలు చేసుకుంటే, పెరిగిన 5 లక్షలకి వెయిటింగ్ కొత్తగా మొదలవుతుంది. విరామం లేకుండా వేరే కంపెనీకి మారితే మాత్రం ఆగిన నెలలు మనతోనే వస్తాయి.

మూడేళ్ళు ఆగలేం అనేవాళ్ళకి, షుగరున్నవాళ్ళ కోసమే మొదటి రోజు నుంచో, నెల తర్వాత నుంచో ఖర్చిచ్చే పాలసీలు ఇప్పుడున్నాయి. ప్రీమియం బాగా ఎక్కువ. బిల్లులో ఇంత శాతం మీరే కట్టాలి అనే షరతు ఉందేమో అందులో చూసుకోవాలి. ఏ పాలసీ అయినా ఒకటి మాత్రం నిజం. కిడ్నీ, గుండె దెబ్బతినక ముందు వెళితే ప్రీమియం పెంచి ఇస్తారు. దెబ్బతిన్నాక వెళితే ఆ భాగాన్ని శాశ్వతంగా తీసేసి ఇవ్వొచ్చు, అసలే ఇవ్వకపోవచ్చు.

ఫారంలో ఎంతవరకు చెప్పాలి అని మీరడగొచ్చు. దీనికి సుప్రీంకోర్టు తీర్పులు రెండు ఉన్నాయి. రెండూ షుగరు మనుషులవే. ఒకాయన 1990లో ఆరోగ్యం బాగుందని రాసి మెడిక్లెయిం తీసుకున్నాడు. షుగరు, కిడ్నీ జబ్బు సంగతి రాయలేదు. ఆయన పోయాక ఖర్చు కోసం భార్య కోర్టులెక్కింది. 2009లో సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. ఓడిపోయింది ఆ భార్య, గమనించండి. ఇంకొకాయన 2009లో అమెరికాలో పెళ్ళికి వెళుతూ ట్రావెల్ పాలసీ తీసుకున్నాడు. షుగరుందని చెప్పాడు. డాక్టరు పరీక్ష కూడా అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం దిగగానే గుండెపోటు, మూడు స్టెంట్లు. కొలెస్ట్రాల్ మాత్ర సంగతి చెప్పలేదని కంపెనీ డబ్బివ్వలేదు. పన్నెండేళ్ళు తిరిగాక, 2021 డిసెంబరులో ఆయన గెలిచాడు. షుగరుందని తెలిసి, పరీక్ష చేయించి పాలసీ ఇచ్చిన కంపెనీ తర్వాత ఆ సాకు చెప్పకూడదంది కోర్టు.

గెలిచాడు నిజమే, కానీ పన్నెండేళ్ళు. ఆ ఒక్క మాత్ర కూడా రాసి ఉంటే ఆ వాదనకి చోటే ఉండేది కాదు. పురుళ్ళకి అమెరికా వెళ్ళే అమ్మలు ఇది గుర్తుపెట్టుకోవాలి. అందుకే మా ఇంట్లో పద్ధతి ఒకటే. మాత్రల డబ్బా టేబుల్ మీద పెట్టి, ఒక్కో పట్టీ పేరూ ఫారంలో ఎక్కించడం. మన సంగతి కూడా మర్చిపోకూడదు. కడుపుతో ఉన్నప్పుడు నాకూ షుగరు వచ్చి, కాన్పయ్యాక పోయింది. దాని గురించి అడిగిన చోట అదీ రాశాను.

జీవిత బీమాకి ఈ వెయిటింగ్ గొడవ ఉండదు కానీ ఫారం గొడవ అంతే ఉంటుంది. ఇన్సూరెన్సు చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళు నిండాక ఆ పాలసీని కంపెనీ ఏ కారణంతోనూ ప్రశ్నించలేదు. ఆ మూడేళ్ళలోపు మనిషి పోతే మాత్రం దరఖాస్తులో ప్రతి గడీ తిరగేస్తారు. ఆ రోజు జవాబు చెప్పుకోవాల్సింది నామినీ. అంటే మళ్ళీ మనమే.

నా అభిప్రాయం ఒక్కటే. ఇంట్లో ఎవరి పేరు మీద పాలసీ అయినా, ఫారం నింపేటప్పుడు ఆ ఇంటి ఆడది పక్కన ఉండాలి. ఓటీపీ చెప్పేముందు ఆ పేజీ ఆమె చదవాలి, లేదా చదివించుకోవాలి. మందులిచ్చేది ఆమె, క్యాజువాలిటీలో జవాబిచ్చేది ఆమె, క్లెయిము పోతే గాజులు తీసిచ్చేదీ ఆమే. ఆమె నోటి మాటా, ఫారంలో మాటా ఒకటి కాకపోతే ఆ పాలసీ ఉన్నా లేనట్టే.

ఇప్పటికే పాలసీ ఉండి, అందులో "నో" అని ఉంటే? మా ఆడపడుచు చిన్న తోడికోడలు కిందటి నెల ఇదే అడిగింది. చెప్పేయమన్నాను. కంపెనీ ప్రీమియం పెంచొచ్చు, కొత్తగా గడువు పెట్టొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆరోగ్యంగా ఉన్నప్పుడు రద్దయితే ఇంకో చోట అడగొచ్చు. ఆస్పత్రి మంచం మీద రద్దయితే ఏం చేస్తాం? ఆమె ఈమెయిల్ పెట్టింది. జవాబు ఇంకా రాలేదు.

అన్నయ్యగారు ఇప్పుడు బాగానే నడుస్తున్నారు. వేరే కంపెనీలో అడిగితే కాలు సంగతి చూసి ఒకరు కాదన్నారు, ఇంకొకరు ప్రీమియం బాగా పెంచి, మూడేళ్ళ గడువుతో ఇచ్చారు. ఈసారి ఫారం దగ్గర మా ఆడపడుచు కూర్చుంది. తొమ్మిదేళ్ళ షుగరు, తీసేసిన రెండు వేళ్ళు, అన్నీ తనే చెప్పి రాయించింది.